తిరస్కరించిన కంపెనీకే మళ్లీ అప్లై చేయడం: రెజ్యూమేలో ఏది మారితే లెక్కలోకి వస్తుంది

"రెజ్యూమే మొత్తం మార్చేసినా అన్నా, ఒకసారి చూడు" అని తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తమ్ముడు మే నెలలో మా ఇంటికి వచ్చాడు. బీటెక్ ఈసీఈ చదివాడు. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేస్తున్నాడు. శ్రీసిటీలోని ఒక పెద్ద కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్ పోస్టుకు ఫిబ్రవరిలో వేశాడు. మార్చి 18న టెక్నికల్ ఇంటర్వ్యూ అయింది, ఏప్రిల్‌లో వద్దని మెయిల్ వచ్చింది.

అతను తెచ్చిన కొత్త రెజ్యూమేలో రెండు కాలమ్స్ ఉన్నాయి, ఫొటో ఉంది, నైపుణ్యాల పక్కన చుక్కలు ఉన్నాయి. పాత దానిలో ఉన్న విషయమే ఇందులోనూ ఉంది. పాత రికార్డు కనిపించకూడదని కొత్త మెయిల్ ఐడీ కూడా తీసి పెట్టుకున్నాడు. ఆ రెండూ పక్కన పెట్టించాను.

నేను ఫ్యాక్టరీ క్వాలిటీ విభాగంలో ఉంటూ ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో చాలాసార్లు కూర్చున్నాను. రెండోసారి వచ్చిన అభ్యర్థి విషయంలో మా ముందుండే ప్రశ్న ఒక్కటే: పోయినసారి ఏ కారణంతో వద్దన్నామో, ఆ కారణం ఇప్పుడు ఉందా, పోయిందా? కింద రాసిన మెట్లన్నీ ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకోవడానికే. ఆ తమ్ముడు మే నుంచి అక్టోబరు దాకా వీటినే వరసగా చేశాడు.

1. ఎక్కడ ఆగిపోయారో ముందు తేల్చుకోండి

రిజెక్ట్ అయ్యారన్న మాట ఒక్కటే అయినా, ఎక్కడ ఆగారన్నదాన్ని బట్టి చేయాల్సిన పని పూర్తిగా వేరు. మెయిల్‌లో కారణం రాయరు. కానీ అది వచ్చిన సమయం చాలా చెబుతుంది.

అప్లై చేసిన కొన్ని గంటల్లోనే వద్దని మెయిల్ వస్తే, మీ రెజ్యూమేను ఎవరూ చదవలేదనే అనుకోవచ్చు. ఫారంలో అడిగే అవును-కాదు ప్రశ్నలే ఆపి ఉంటాయి. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా 60 శాతం ఉందా, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా, రాత్రి షిఫ్టుకు సిద్ధమేనా, నోటీసు ఎన్ని రోజులు వంటివి. ఇక్కడ రెజ్యూమే ఎంత మార్చినా ఫలితం ఉండదు. నోటీసు, షిఫ్టు లాంటివి మారితే మళ్లీ వేయొచ్చు. మార్కులు మారవు కాబట్టి ఆ షరతు లేని పోస్టు వెతుక్కోవాలి.

వారాల తరబడి కాల్ రాకుండా చివరికి మెయిల్ వస్తే, రెజ్యూమే చూసి పక్కన పెట్టి ఉంటారు, లేదా పోస్టు ఈలోపే నిండి ఉంటుంది. రెజ్యూమే తిరగరాయడం వల్ల బాగా ఉపయోగపడేది ఈ సందర్భంలోనే.

ఫోన్‌లో మాట్లాడాక ఆగిపోతే జీతం, నోటీసు, ఉండే ఊరు గురించి మీరు చెప్పిన జవాబులు గుర్తు చేసుకోండి. టెక్నికల్ రౌండ్‌లో ఆగితే మీకు రాని విషయం ఒకటి ఉంది, అది నేర్చుకోకుండా రాత మార్చి లాభం లేదు. అన్నీ అయ్యాక, సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగితే మాత్రం మూడో మెట్టు చాలా జాగ్రత్తగా చదవండి.

మా తమ్ముడు ఆగింది టెక్నికల్ రౌండ్‌లో. "ఏం అడిగారో అన్నీ రాయి" అని ఒక కాగితం ఇచ్చాను. రెండు నెలలైపోయినా ఆరు ప్రశ్నలు గుర్తొచ్చాయి. రెజ్యూమేలో "ఎస్పీసీ, సెవెన్ క్యూసీ టూల్స్, సిక్స్ సిగ్మా తెలుసు" అని రాశాడు. ఇవి లోపాలను లెక్కలతో పట్టుకునే పద్ధతులు. దాన్ని పట్టుకుని, తయారైన భాగాల కొలతలు హద్దుల్లో నిలుస్తాయా అని చెప్పే సీపీ, సీపీకే అనే రెండు లెక్కలకు తేడా అడిగారు. చెప్పలేకపోయాడు. తర్వాత "ఈ టూల్స్‌లో ఏదైనా నువ్వు నీ లైన్‌లో వాడావా?" అన్నారు. కాలేజీలో చదివాను అన్నాడు. నిజానికి ఇంటర్వ్యూ అక్కడితోనే అయిపోయింది.

మీరైతే రెండు నెలలు ఆగకండి. ఇంటర్వ్యూ నుంచి ఇంటికి వచ్చిన రోజు రాత్రే ప్రశ్నలు రాసి పెట్టుకోండి.

2. మళ్లీ ఎప్పుడు వేయొచ్చో కనుక్కోండి

చాలా కంపెనీలు ఒకసారి ఇంటర్వ్యూ చేసినవాళ్లను కొంతకాలం మళ్లీ తీసుకోవు. దీన్ని కూలింగ్ పీరియడ్ అంటారు. ఆరు నెలలు అన్నది ఎక్కువగా వినిపించే మాట, కానీ కంపెనీని బట్టి తగ్గుతుంది, పెరుగుతుంది. కెరీర్స్ పేజీలోనో, తిరస్కరించిన మెయిల్ చివరి లైన్లలోనో ఉందేమో చూడండి. లేకపోతే హెచ్‌ఆర్‌కు మూడు లైన్ల మెయిల్ పెట్టండి: మీ పేరు, ఏ తేదీన ఏ పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చారు, మళ్లీ ఎప్పటి నుంచి అర్హత ఉంటుంది. ఎందుకు వద్దన్నారని అడిగితే సాధారణంగా జవాబు రాదు. "నేను ఏ విషయంలో మెరుగుపడాలి?" అని అడిగితే అప్పుడప్పుడు ఒక మాట దొరుకుతుంది.

గడువు అప్లై చేసిన తేదీ నుంచా, ఇంటర్వ్యూ తేదీ నుంచా అన్నది కూడా అడగండి. మా వాడికి ఇంటర్వ్యూ నుంచి ఆరు నెలలు అన్నారు, అంటే సెప్టెంబరు 18. అప్పటికి మే నెల నడుస్తోంది. ఆ నాలుగు నెలలే అతనికి దొరికిన పని సమయం.

ఇంకొకటి, ప్రతి ప్రకటనకు ఒక Job ID ఉంటుంది. అదే నంబరుకు రెండోసారి వేయడానికి చాలా పోర్టల్స్ ఒప్పుకోవు. అదే పోస్టు కొత్త నంబరుతో మళ్లీ పడేదాకా ఆగాలి.

3. కంపెనీ దగ్గర ఇప్పటికే ఉన్న మీ రికార్డుతో సరిచూసుకోండి

మీ పాత రెజ్యూమే వాళ్ల సిస్టమ్‌లోనే ఉంటుంది. కొత్తది వేయగానే రిక్రూటర్‌కు రెండూ పక్కపక్కన కనిపించే అవకాశం ఉంది. మెయిల్ ఐడీ మార్చినా పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ కలిపి చూస్తే మీరేనని తెలిసిపోతుంది. అప్పుడు "దాచాలని చూశాడు" అన్న మచ్చ పడుతుంది. టెక్నికల్‌గా తక్కువైనవాడికి రెండో అవకాశం ఇస్తారు. దాచినవాడికి ఇవ్వరు.

అందుకే పాత రెజ్యూమే ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి. చేరిన నెల, మానేసిన నెల, హోదా, కంపెనీ పేరు, మార్కులు ఒక్కోటి సరిచూడండి. పాత దాంట్లో తప్పు ఉంటే కొత్త దాంట్లో సరిదిద్దండి, అడిగితే "పోయినసారి తేదీ తప్పు పడింది, ఇది సరైనది" అని చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

మన దగ్గర ఇంకో పెద్ద చిక్కు ఉంది. రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో చాలామంది కాంట్రాక్టర్ రోల్ మీద పనిచేస్తారు. పని చేసేది పెద్ద కంపెనీ షెడ్డులో, జీతం ఇచ్చేది కాంట్రాక్టర్. రెజ్యూమేలో మాత్రం పెద్ద కంపెనీ పేరే రాసేస్తారు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు చూస్తే కాంట్రాక్టర్ పేరు వస్తుంది, ఆ కంపెనీకి ఫోన్ చేస్తే "మా రోల్‌లో ఆ పేరు లేదు" అంటారు. చేతికి రావాల్సిన ఉద్యోగం అలా పోయినవాళ్లను చూశాను. వాళ్లు మోసం చేయాలని రాయలేదు, ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

మా తమ్ముడిదీ ఇదే పరిస్థితి. టెక్నికల్ రౌండ్ దాటి ఉంటే ఇక్కడ చిక్కుకునేవాడు. ఇలా మార్పించాను: ఉద్యోగం ఇచ్చిన సంస్థగా కాంట్రాక్టర్ పేరు, దాని కిందే "పనిచేసే చోటు" అని ఫ్యాక్టరీ పేరు, ఊరు. రెండూ నిజం, రెండూ కనిపిస్తాయి, అనుభవం ఏమాత్రం తగ్గదు.

సరిచూసుకోవాల్సినవి:

- పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో యూఏఎన్‌తో లాగిన్ అయి Service History తెరవండి. సంస్థ పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ రాసుకోండి.
- జీతం స్లిప్ మీద ఉన్న హోదా, రెజ్యూమేలో ఉన్న హోదా ఒకటేనా?
- లింక్డ్‌ఇన్, నౌకరీ ప్రొఫైల్స్‌లో అవే తేదీలు ఉన్నాయా?
- ఇంటిపేరు, పేరు సర్టిఫికెట్లలో ఉన్నట్టే రాశారా?

4. మారినా లెక్కలోకి రానివి

వీటి మీద ఎక్కువ సమయం పెట్టకండి. కొత్త టెంప్లేట్, రంగులు, పైన రాసే "కెరీర్ ఆబ్జెక్టివ్", భాషలో చిన్న చిన్న మార్పులు. ప్రకటనలో ఉన్న పదాలన్నీ తెచ్చి నైపుణ్యాల జాబితాలో పోస్తే ఇంకా ప్రమాదం. మా తమ్ముడు పడింది ఆ గుంటలోనే. జాబితాలో రాసిన ప్రతి పదం ప్యానెల్‌కు ఒక ప్రశ్న ఇచ్చినట్టే.

రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ కూడా ఒక్కటే ఉంటే పెద్దగా పనికిరాదు. అది నేర్చుకున్నట్టు చూపిస్తుంది గానీ, వాడినట్టు చూపించదు.

5. నిజంగా మారాల్సింది: చేసిన పని

జూన్‌లో అతనికి ఒకే పని చెప్పాను. "నీ లైన్‌లో వచ్చే లోపాలను నెలంతా రకాల వారీగా లెక్కపెట్టు" అన్నాను. ఇన్‌స్పెక్టర్‌గా రోజూ చేసేది అదే, కానీ రాసిన షీట్లు షిఫ్టు అయిపోగానే ఫైల్లోకి వెళ్లిపోతాయి. వాటిని తిరిగి చూసేవాళ్లు లేరు. ముందు సూపర్‌వైజర్ దగ్గర అనుమతి తీసుకున్నాడు.

లైన్‌లో రోజుకు సుమారు 1,200 సర్క్యూట్ బోర్డులు వెళ్తాయి. 26 పని దినాలకు 31,200. అందులో లోపాలు 412, అంటే 1.32 శాతం. రకాల వారీగా పేర్చితే 188 ఒకే రకం: బోర్డు మీది పార్టుల పక్కపక్క కాళ్ల మధ్య సోల్డర్ అంటుకుని షార్ట్ కావడం, లైన్‌లో బ్రిడ్జింగ్ అంటారు. దాదాపు సగం లోపాలు ఒకే చోటి నుంచి వస్తున్నాయి. కాలేజీలో పరీక్ష కోసం గీసిన పారెటో చార్టు ఇదేనని అతనికి అప్పుడు అర్థమైంది.

తర్వాత ఎన్నో బోర్డు దగ్గర ఎక్కువ వస్తున్నాయో వరసగా రాశాడు. బోర్డు మీద సోల్డర్ పేస్ట్ అద్దే రంధ్రాల రేకును స్టెన్సిల్ అంటారు, ఒకసారి అద్దితే ఒక ప్రింట్. దాన్ని శుభ్రం చేసిన వెంటనే లోపాలు తగ్గుతున్నాయి, మళ్లీ శుభ్రం చేసే ముందు పెరుగుతున్నాయి. స్టెన్సిల్ అడుగున సోల్డర్ పేస్ట్ పేరుకుంటే పక్కకు పూసుకుంటుంది, కాబట్టి అర్థమయ్యే కారణమే. ప్రతి 20 ప్రింట్లకు ఒకసారి శుభ్రం చేస్తున్నారు. ఆ షీట్ తీసుకెళ్లి ప్రాసెస్ ఇంజనీర్‌కు చూపించాడు. జూలైలో ఆయన దాన్ని 10 ప్రింట్లకు ఒకసారిగా మార్చారు.

ఆగస్టులో అన్నే బోర్డులకు మళ్లీ లెక్క తీశాడు. బ్రిడ్జింగ్ 41కి వచ్చింది, మిగతా లోపాలు 219. మొత్తం 260, అంటే 0.83 శాతం.

సీపీ, సీపీకే కూడా పుస్తకం నుంచి కాకుండా లెక్కతోనే నేర్చుకున్నాడు. ఒక భాగం కొలత 10 మి.మీ., అటూ ఇటూ 0.3 దాకా పర్వాలేదు అనుకుందాం. కొలతల ప్రామాణిక విచలనం 0.05. సీపీ 2 వస్తుంది, చాలా బాగున్నట్టు కనిపిస్తుంది. కానీ సగటు 10.15 దగ్గర ఉంటే సీపీకే 1కి పడిపోతుంది. కొలతలు ఎంత చెదిరి ఉన్నాయన్నదే సీపీ చూస్తుంది, అవి మధ్యలో ఉన్నాయా పక్కకు జరిగాయా అన్నది కూడా సీపీకే చూస్తుంది. చాలా కంపెనీలు 1.33 అడుగుతాయి కాబట్టి ఈ భాగం ఆగిపోతుంది. చేత్తో రెండుసార్లు ఇలా వేస్తే మళ్లీ మరచిపోరు.

మీది క్వాలిటీ కాకపోయినా పద్ధతి ఇదే. అకౌంట్స్ అయితే ఏ బిల్లులు ఎందుకు వెనక్కి వస్తున్నాయో, స్టోర్స్ అయితే లెక్కకు, అరలో ఉన్న సరుకుకు తేడా ఎక్కడ వస్తోందో. మిమ్మల్ని ఆపిన ప్రశ్నకు జవాబు మీ ప్రస్తుత పనిలోనే దొరికేలా చూసుకోండి. ముందు లెక్క, తర్వాత లెక్క రెండూ ఉండాలి. అందుకే కనీసం మూడు నెలలు పడుతుంది. నెల తిరక్కుండానే మళ్లీ వేసేవాళ్ల రెజ్యూమేలో చూపించడానికి ఏమీ ఉండదు.

6. దాన్ని రెజ్యూమేలో రాయడం

రెజ్యూమే ఇంగ్లిష్‌లోనే రాస్తారు, అర్థం కోసం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

పాత లైన్: "నాణ్యత తనిఖీ బాధ్యతలు చూశాను. ఎస్పీసీ, సెవెన్ క్యూసీ టూల్స్, సిక్స్ సిగ్మా తెలుసు."

కొత్త లైన్: "26 రోజుల లోపాల వివరాలను పారెటోగా విడదీసి, బ్రిడ్జింగ్ 46 శాతం ఉందని, స్టెన్సిల్ శుభ్రత విరామానికి దానితో సంబంధం ఉందని చూపించాను. ప్రాసెస్ బృందం విరామం మార్చిన తర్వాత లైన్ లోపాలు 1.32 నుంచి 0.83 శాతానికి తగ్గాయి."

"ప్రాసెస్ బృందం మార్చిన తర్వాత" అన్న మాట తీసేసి "నేనే తగ్గించాను" అని రాయాలని అనిపిస్తుంది. మా వాడూ అడిగాడు. వద్దన్నాను. కాంట్రాక్టు ఇన్‌స్పెక్టర్ మెషిన్ సెట్టింగ్ మార్చలేడని ప్యానెల్‌లో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. మీ వంతు ఎంతో అంతే రాస్తే మిగతాదంతా నమ్ముతారు.

కస్టమర్ పేరు, ప్రొడక్ట్ కోడ్, బోర్డుల సంఖ్య రాయకండి. అవి మీ కంపెనీ లోపలి వివరాలు. శాతాలు చాలు.

సిక్స్ సిగ్మా అన్న పదం తీసేయించాను. అది అతను చేయలేదు. నైపుణ్యాల జాబితా తొమ్మిది నుంచి నాలుగుకు వచ్చింది. ఈ కొత్త పని లైన్ మొదటి పేజీలో పై సగంలోనే కనిపించాలి, ఎందుకంటే రెండోసారి చూసేవాళ్లు కొత్తగా ఏముందో అని వెతుకుతారు.

7. పోర్టల్‌లో వేసేటప్పుడు

పాత అకౌంట్‌తోనే లాగిన్ అవ్వండి. చాలామంది కొత్త ఫైల్ ఒక్కటి ఎక్కించి వదిలేస్తారు. అనుభవం, నైపుణ్యాల గడుల్లో మాత్రం పోయినసారి టైప్ చేసినదే ఉండిపోతుంది. రిక్రూటర్ వెతికేది ఎక్కువగా ఆ గడుల్లోనే, కాబట్టి ఒక్కోటి తెరిచి మార్చండి.

- "ఇంతకుముందు మా దగ్గర అప్లై చేశారా?" అన్న ప్రశ్నకు అవును అనే పెట్టండి.
- నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసి స్కాన్ చేసిన కాపీ ఎక్కించకండి. వర్డ్ నుంచి నేరుగా సేవ్ చేసిన పీడీఎఫ్ కావాలి. ఫైల్ తెరిచి అక్షరాలు సెలెక్ట్ అవుతున్నాయో లేదో చూడండి. కాకపోతే సిస్టమ్ కూడా చదవలేదు.
- ఒక్క పోస్టుకే వేయండి. అదే రోజు ఐదారు పోస్టులకు వేస్తే దేనికీ సరిపోరని అనుకుంటారు.
- పోయినసారి కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే, మీ ప్రొఫైల్ కొన్నాళ్ల పాటు వాళ్ల పేరు మీదే ఉండొచ్చు. ఆ గడువు అయిందో లేదో హెచ్‌ఆర్‌ను అడిగి నేరుగా వేయండి.

కంపెనీలో తెలిసినవాళ్లుంటే రిఫరల్ ముందు పడాలి, మీ అప్లికేషన్ తర్వాత. తిరగేసి చేస్తే చాలా చోట్ల ఆ రిఫరల్ లెక్కలోకి రాదు. రిఫర్ చేసే అన్నకో అక్కకో పోయినసారి తిరస్కరించిన విషయం, ఇప్పుడు మారిన విషయం రెండూ చెప్పండి. వాళ్ల పేరు కూడా మీతో పాటు లోపలికి వెళ్తుంది కదా.

8. "పోయినసారి కూడా వచ్చారు కదా?"

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. ఇక్కడ టెన్షన్ పడి సర్దుకోవడం మొదలుపెడితే చేసిన పనంతా పోతుంది. మూడు మాటల్లో చెప్పండి: అప్పుడు ఏది రాలేదు, తర్వాత ఏం చేశాను, ఏం తేలింది.

మా తమ్ముడు అక్టోబరు రెండో వారంలో, అదే పోస్టు కొత్త నంబరుతో పడినప్పుడు వేశాడు. పన్నెండు రోజులకు కాల్ వచ్చింది. ప్యానెల్‌లో ఇద్దరిలో ఒకరు మార్చిలో ఉన్నవారే. ఆయన అడగకముందే ఇతనే చెప్పాడు: "మార్చిలో మీరు టూల్స్ వాడావా అని అడిగారు సార్, వాడలేదని చెప్పాను. ఆ తర్వాత మా లైన్‌లో ఒకటి వాడి చూశాను."

చార్టు చూపించమన్నారు. కంపెనీ షీట్లు బయటికి తేకూడదు కాబట్టి తేలేదు సార్ అన్నాడు. తెల్ల కాగితం అడిగి, ప్రొడక్ట్ పేరు లేకుండా, శాతాలతో పారెటో గీశాడు. అక్కడి నుంచి నలభై నిమిషాలు స్టెన్సిల్ గురించే మాట్లాడారట. 10 ప్రింట్లకే శుభ్రం చేస్తే లైన్ ఎంత సమయం కోల్పోతుందని అడిగారు, అది మాత్రం లెక్క వేయలేదని ఒప్పుకున్నాడు.

అడిగిన పోస్టు ఇవ్వలేదు. దానికంటే ఒక మెట్టు కింద, జూనియర్ ఇంజనీర్‌గా కంపెనీ రోల్‌లోనే ఆఫర్ ఇచ్చారు. వెరిఫికేషన్‌కు కాంట్రాక్టర్ ఇచ్చిన అనుభవ పత్రం, పీఎఫ్ Service History, చివరి మూడు జీతం స్లిప్పులు అడిగారు. మూడింటిలోనూ పేరు, తేదీలు రెజ్యూమేతో కలిశాయి. డిసెంబరులో చేరాడు.